రెండు సిలిండర్లు, ఒక పాదరసం గిన్నె: పునాదికి ముందు మట్టిని ఎలా చదవాలి

గుంటూరు సమీపంలో ఇల్లు కట్టుకోదలచిన ఒక పాఠకుడు తాను చూసిన రెండు స్థలాల మట్టి పరీక్ష నివేదికలు పంపి, ఏది నమ్మాలో తెలియడం లేదని రాశారు. మొదటిది నల్లరేగడి నేల. దాని ష్రింకేజ్ లిమిట్, అంటే ఎండుతున్న మట్టి ఇక కుంచించుకోకుండా ఆగే నీటి శాతం, 10.3. ఫ్రీ స్వెల్ ఇండెక్స్, అంటే పొడిమట్టి నీటిలో ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె, 104.5 శాతం. రెండోది ఎర్రని ఇసుకపాలు ఉన్న బంకనేల. దాని ష్రింకేజ్ లిమిట్ 11.8 శాతం, ఫ్రీ స్వెల్ ఇండెక్స్ ఉన్నచోట సున్నా. ష్రింకేజ్ లిమిట్ 12 కంటే ఎక్కువైతే భయం లేదనీ, 10కి లోపైతే ప్రమాదమనీ, ఈ రెండింటి నడుమ ఉంటే అనుమానించాలనీ ఒక పాత వర్గీకరణ ఉంది. దాని ప్రకారం రెండు నేలలూ అనుమానించవలసినవే. ఫ్రీ స్వెల్ ఇండెక్స్ చూస్తే ఒకటి బాగా ఉబ్బే నేల, మరొకటి అసలు ఉబ్బని నేల. ఈ వైరుధ్యం ప్రయోగశాల పొరపాటు కాదు. రెండు పరీక్షలూ మట్టిని రెండు వేర్వేరు ప్రశ్నలు అడుగుతాయి. ఆ ప్రశ్నలేమిటో తెలిస్తే వైరుధ్యమే మనకు సమాధానం చెబుతుంది.

ముందు ఫ్రీ స్వెల్ పరీక్షను చూద్దాం. ఇంత తక్కువ ఖర్చుతో మట్టిలోని ఖనిజం దాకా చూపించే పరీక్ష మరొకటి నాకు తెలియదు. మట్టిని ఓవెన్‌లో ఆరబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టి, పదేసి గ్రాముల చొప్పున రెండు భాగాలు తూచి, 100 మిల్లీలీటర్ల కొలసిలిండర్లు రెండింటిలో పోస్తారు. ఒకదానిలో డిస్టిల్డ్ వాటర్, రెండోదానిలో కిరోసిన్ 100 గీత వరకు నింపుతారు. గాజుకడ్డీతో మెల్లగా కలిపి లోపల చిక్కుకున్న గాలి బుడగలను పంపేసి, కనీసం 24 గంటలు కదపకుండా ఉంచుతారు. తరువాత అడుగున పేరుకున్న మట్టి ఏ గీత దాకా ఉందో రెండింటిలోనూ చదువుతారు. నీటిలోని ఘనపరిమాణం నుంచి కిరోసిన్‌లోని ఘనపరిమాణాన్ని తీసివేసి, వచ్చినదాన్ని కిరోసిన్ ఘనపరిమాణంతో భాగించి, నూటితో హెచ్చిస్తే ఇండెక్స్ వస్తుంది. మన పాఠకుడి నల్లమట్టి నీటిలో 22.5, కిరోసిన్‌లో 11 మిల్లీలీటర్లు ఆక్రమించింది. తేడా 11.5. దాన్ని 11తో భాగిస్తే 104.5 శాతం.

కిరోసిన్ ఎందుకు? నల్లరేగడి ఉబ్బడానికి కారణమైన మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకఖనిజాన్ని విస్తరాకుల దొంతరగా ఊహించుకోవచ్చు. ఒక్కొక్క ఆకు మందం దాదాపు ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. ఆకులోని కొన్ని అల్యూమినియం అణువుల స్థానంలో మెగ్నీషియం చేరడం వల్ల ప్రతి ఆకుకీ రుణావేశం ఉంటుంది. ఆ ఆవేశాన్ని సరితూచడానికి ఆకుల నడుమ సోడియం, కాల్షియం అయాన్లు చేరి కూర్చుంటాయి. నీటి అణువుకు ఒక కొస ధనం, మరో కొస రుణం కనుక అది ఆ అయాన్లను చుట్టుముట్టడానికి ఆకుల నడుమకు చొరబడుతుంది, దొంతర లేస్తుంది. కిరోసిన్ అణువుకు అటువంటి కొసలు లేవు. అది దొంతర చుట్టూ నిలుస్తుంది గాని లోపలికి వెళ్లదు. ఎర్రనేలల్లో ఎక్కువగా కనిపించే కయోలినైట్ కూడా దొంతరే. కాని దాని ఆకులు హైడ్రోజన్ బంధాలతో ఒకదానికొకటి గట్టిగా అంటుకొని ఉంటాయి కనుక నీటికి కూడా అక్కడ దారి దొరకదు. ఈ విధంగా మట్టి పేరుకోవడంలోని సహజమైన వదులును కిరోసిన్ సిలిండరు చూపిస్తే, దానిపైన నీటికి మాత్రమే సాధ్యమైన అదనపు వ్యాకోచాన్ని రెండో సిలిండరు చూపిస్తుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. పది గ్రాముల మట్టిలోని ఘనరేణువులు నిజానికి ఆక్రమించే చోటు 3.7 మిల్లీలీటర్లు మాత్రమే. కిరోసిన్‌లో అది 11 చూపించిందంటే మూడింట రెండు వంతుల చోటు రేణువుల సందుల్లోని కిరోసిన్‌దే. అంటే మనం ఆధారంగా తీసుకున్న కొలత కూడా మట్టిని బట్టి మారేదే. కయోలినైట్ రేణువులు కిరోసిన్‌లో ఒకదానినొకటి తగినంతగా వికర్షించుకోలేక వదులు గుత్తులుగా కట్టుకొని, నీటిలో కంటే ఎక్కువ చోటు తీసుకుంటాయి. పాఠకుడి ఎర్రమట్టి కిరోసిన్‌లో 12, నీటిలో 11 మిల్లీలీటర్లు చూపింది. లెక్క ప్రకారం ఇండెక్స్ మైనస్ 8 శాతం రావాలి. మట్టి కుంచించుకుపోవడం అర్థరహితమని భావించి ప్రయోగశాల సున్నా అని రాసింది. ఈ అలవాటు నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఆ మైనస్ గుర్తే ఇది కయోలినైట్ నేల అని చెబుతున్న సాక్ష్యం. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన శ్రీధరన్, ఆయనతో పనిచేసిన ప్రకాశ్ 2004లో తేడాకు బదులు నిష్పత్తిని వాడమని ప్రతిపాదించారు. నీటి ఘనపరిమాణాన్ని కిరోసిన్ ఘనపరిమాణంతో భాగిస్తే చాలు. ఒకటి కంటే తక్కువైతే ఉబ్బని నేల, 1.5 దాటితే మాంట్‌మోరిల్లోనైట్ జాడ, 2 దాటితే తీవ్రంగా ఉబ్బే నేల. నల్లమట్టికి అది 2.05, ఎర్రమట్టికి 0.92. లెక్క అదే అయినా ఏ సమాచారమూ సున్నా కింద మరుగున పడదు.

ఇక ష్రింకేజ్ లిమిట్. కళాశాలల్లో దీన్ని లిక్విడ్ లిమిట్, ప్లాస్టిక్ లిమిట్‌లతో కలిపి ఒకే గుత్తిలో బోధిస్తారు. అందువల్ల అది కూడా బంక గుణాన్ని కొలిచే అంకె అన్న భావన విద్యార్థి మనసులో నిలిచిపోతుంది. నిజానికి ఇది రేణువులు ఎంత దగ్గరగా సర్దుకోగలవో చెప్పే అంకె. నీరు బాగా కలిపిన మట్టిని 45 మిల్లీమీటర్ల వ్యాసం, 15 మిల్లీమీటర్ల లోతు ఉన్న గిన్నెలో గాలి లేకుండా నింపి, మెల్లగా ఆరబెడతారు. నీరు ఆవిరయ్యేకొద్దీ రేణువులు దగ్గరవుతాయి. ఒక దశలో అవి ఇక జరగలేవు. అక్కడి నుంచి పోయే నీటి స్థానంలోకి గాలి చేరుతుంది, మట్టి రంగు తేలికపడుతుంది, ఘనపరిమాణం మారదు. ఆ దశలోని నీటి శాతమే ష్రింకేజ్ లిమిట్. ఎండిన బిళ్లను పాదరసంలో ముంచి, పొంగిపొర్లిన పాదరసాన్ని తూచి ఘనపరిమాణం కనుగొంటారు. పాదరసం మట్టి రంధ్రాల్లోకి చొరబడదు, ఒక్క మిల్లీలీటరు 13.6 గ్రాములు తూగుతుంది కనుక చిన్న తేడా కూడా త్రాసులో తెలుస్తుంది. దాని ఆవిరి విషం కనుక బిళ్లకు మైనం పూసి నీటిలో ముంచి తూచే పద్ధతికి మారడం మంచిది.

నల్లమట్టి తడి బిళ్ల 36.7 గ్రాములు, ఎండినాక 20.4 గ్రాములు. అంటే నీరు 16.3 గ్రాములు, పొడి బరువులో సుమారు 79.9 శాతం. గిన్నె పరిమాణం 23.9 మిల్లీలీటర్లు, ఎండిన బిళ్ల 9.7. కోల్పోయిన 14.2 మిల్లీలీటర్లు పొడి బరువులో 69.6 శాతం. దాన్ని 79.9 నుంచి తీసివేస్తే మిగిలేది 10.3. ఆ బిళ్ల ఘనపరిమాణంలో 59 శాతం పోయింది. ఎర్రమట్టి మాత్రం 36 శాతం నీటితోనే గిన్నెలో జారుగా నిండింది. అది ఎండి 11.8 దగ్గర ఆగేసరికి మూడో వంతు మాత్రమే కుంచించుకుంది. రెండు నేలలూ దాదాపు ఒకేచోట ఆగాయి గాని బయలుదేరిన చోట్లు వేరు. పైగా ఎర్రమట్టి హద్దు తక్కువగా ఉండటానికి కారణం అందులోని ఇసుక, ఒండ్రు, బంక రేణువులు ఒకదాని సందులో మరొకటి చక్కగా ఇమిడిపోవడం. అందుకే ష్రింకేజ్ లిమిట్ ఒక్కటే చూసి నేల ఉబ్బుతుందో లేదో తేల్చడం తగదు.

అయితే ఆ అంకెకు వేరే ప్రయోజనం ఉంది. స్థలంలో గొయ్యి తవ్వి, మూత గట్టిగా పెట్టిన డబ్బాలో మట్టి తెచ్చి, దాని సహజ నీటి శాతం కొలిచి ష్రింకేజ్ లిమిట్‌తో పోల్చాలి. మే నెలలో నల్లరేగడి పైపొర ఎండి ఆ హద్దు దాపులకు వస్తుంది. ఆ సమయంలో పునాది వేస్తే వానలు పడ్డాక నేల ఉబ్బడమే తప్ప ఇంకా కుంచించుకునేది ఉండదు. వానల చివర నీటి శాతం హద్దుకు చాలా పైన ఉన్నప్పుడు కట్టిన ఇంటికి ఎండాకాలం కింద నేల దిగిపోతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులు వేసవిలో విచ్చుకొని వానాకాలంలో మూసుకుంటూ ఉంటే అది నేల పనే. అటువంటి పగులుకు వాస్తు దోషం పేరు పెట్టి గుమ్మం మార్పించిన కుటుంబాలను చూశాను. డబ్బు పోతుంది, నేల మాత్రం కదులుతూనే ఉంటుంది.

ఫ్రీ స్వెల్ అంకెను కూడా గీతల మధ్య ఖచ్చితంగా ఇరికించకూడదు. మట్టి వర్గీకరణకు భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 1498 ప్రకారం 50 లోపు స్వల్పం, 50 నుంచి 100 మధ్యమం, 100 నుంచి 200 అధికం, ఆపైన అత్యధికం. మన నల్లమట్టి కిరోసిన్ పఠనం 11కు బదులు 11.5 అయివుంటే ఇండెక్స్ 95.7కు దిగి తరగతి మారిపోయేది. అర మిల్లీలీటరు చదువుతేడా ఎవరికైనా వస్తుంది కనుక పరీక్షను కనీసం మూడుసార్లు చేయించాలి. డిస్టిల్డ్ వాటర్‌కు బదులు ఉప్పు ఎక్కువున్న బోరు నీరు వాడితే ఆ లవణాలు ఆకుల చుట్టూ ఉన్న నీటిపొరను పలచబరిచి ఉబ్బు తక్కువ చూపిస్తాయి. పైగా జల్లెడ దిగిన సన్నమట్టికే ఈ పరీక్ష. పొలంలోని మట్టిలో సున్నపు గుండ్లు, గరుసు పాలు ఎక్కువుంటే ఆ మేరకు అసలు నేల తక్కువ ఉబ్బుతుంది.

ఈ పరీక్షలు ఎంత బలంతో ఉబ్బుతుందో చెప్పవు, ఎందుకంటే సిలిండరులోని పొడిమట్టిపై భారం లేదు, దాని సాంద్రత నేలలోనిది కాదు. కనుక నల్లస్థలం విషయంలో తరువాతి మెట్టు కదపకుండా తీసిన నమూనాపై ఉబ్బు పీడనం పరీక్ష. ఈ లోపు గొయ్యిలో ప్రతి అర మీటరుకూ ఫ్రీ స్వెల్ చేయించి, మొరం ఎక్కడ తగులుతుందో చూడాలి. మీటరున్నర లోపే గట్టి మొరం దొరికితే నల్లమట్టి తీసేసి దానిపై పునాది వేయడమే మేలు. నల్లరేగడి లోతుగా ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున వెడల్పు చేసి నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు, ఉత్తమం. ఋతువులతో తడి మారే పొర మన నల్లనేలల్లో సుమారు మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది. పైల్ అడుగున ఉబ్బెత్తుగా చేసిన భాగం ఆ లోతున నిలకడైన మట్టిలో పట్టుకొని, పైపొర లేచినా ఇంటిని లేవనివ్వదు. పైల్స్‌ను కలిపే బీము కింద కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఒక్క అంతస్తు ఇంటికి ఇంత ఎందుకని మేస్త్రీలు అడుగుతారు. తేలికైన ఇల్లే ఉబ్బే నేలకు ముందుగా లొంగుతుంది, ఎందుకంటే దాని బరువు ఆ పీడనాన్ని అణచడానికి చాలదు. ఎర్రస్థలంలో సాధారణ పునాదే సరిపోవచ్చు, కాని దాని కింద నల్లపొర దాగి లేదని తేల్చుకోవడానికి అక్కడ కూడా గొయ్యిని రెండు మీటర్ల దాకా తవ్వించి, అడుగున ఉన్న మట్టిని మళ్లీ రెండు సిలిండర్లలో పోయించమని ఆ పాఠకుడికి రాశాను.