చదరపు అడుగు రేటు తక్కువైతే ఇల్లు చవకా? కొటేషన్, బీఓక్యూల మీద అపోహలు - వాస్తవాలు

ఇల్లు కట్టించుకునేవాళ్లకు కాంట్రాక్టర్ల కొటేషన్లు, పనులవారీగా కొలతలూ రేట్లూ రాసిచ్చే బీఓక్యూలు చూసిపెట్టడం నా పని. పోయిన నెల ఆర్టీసీలో రిటైరైన ఒక పెద్దాయన రెండు కొటేషన్లు పట్టుకుని వచ్చారు. 200 గజాల స్థలం, గ్రౌండ్ ఫ్లోర్ ఒక్కటే కట్టాలి.

"బాబూ, ఒకాయన 1,900 అంటున్నాడు, ఇంకొకాయన 1,700కే చేస్తానంటున్నాడు. వెయ్యి ఎస్ఎఫ్‌టీకి రెండు లక్షలు మిగుల్తాయి కదా! సాయంత్రం అడ్వాన్స్ ఇచ్చేద్దామనుకుంటున్నా" అన్నారు.

వారానికి ఒకరైనా ఇదే మాట అంటారు. చుట్టాలు చెబుతారు, పక్కింటివాళ్లు చెబుతారు, "మా వాడు పదహారొందలకే కట్టాడు" అని ఫంక్షన్లలో చెబుతారు. దేని మీద పదహారొందలో ఒక్కరూ చెప్పరు.

అపోహ: ఎస్ఎఫ్‌టీ రేటు తక్కువైతే ఇల్లు తక్కువలో అయిపోతుంది.

వాస్తవం: ఆ రేటును ఏ ఏరియాతో గుణిస్తారో తెలిసేదాకా దానికి అర్థం లేదు. పెద్దాయన ప్లాను ముందు పెట్టుకుని ఇద్దరి లెక్కా కట్టాం. ఇల్లు బయటి గోడల దగ్గర 24 అడుగులు, 40 అడుగులు. అంటే ప్లింత్ ఏరియా 960. ముందు పోర్టికో 120, మేడమెట్ల మీద హెడ్‌రూమ్ 100.

1,900 అన్నాయన కాగితంలో "ప్లింత్ ఏరియా మీద, పోర్టికోకు సగం రేటు" అని రాసి ఉంది. ఇంటికి 18,24,000, పోర్టికోకు 1,14,000, హెడ్‌రూమ్‌కు 1,90,000. మొత్తం 21,28,000.

1,700 అన్నాయన కాగితంలో అడుగున చిన్న అక్షరాల్లో "స్లాబ్ ఏరియా ప్రకారం" అని ఉంది. స్లాబు గోడ దాటి నాలుగు వైపులా అడుగున్నర బయటికి వస్తుంది. అప్పుడు 24 కాస్తా 27, 40 కాస్తా 43 అయి, 960 కాస్తా 1,161 అయింది. దానికి పోర్టికో, హెడ్‌రూమ్ పూర్తి రేటుకే కలిపితే 1,381 ఎస్ఎఫ్‌టీ. 1,700తో గుణిస్తే 23,47,700.

తక్కువ రేటు ఇల్లే 2,19,700 ఎక్కువ. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, కాలిక్యులేటర్ తీసుకుని మళ్లీ తనే కొట్టి చూసుకున్నారు.

దీన్ని మోసం అనను. స్లాబ్ ఏరియా మీద కొలవడం మన దగ్గర ఉన్న పద్ధతే, ఆయన రాసే ఇచ్చాడు. కానీ రెండు కొటేషన్లను రేటు దగ్గర పోల్చకూడదు. మీ ప్లాను మీద మొత్తం ఎంతో ఇద్దరి చేతా రాయించి, అక్కడ పోల్చాలి. "ఏరియా అంటే ఏది" అన్నది అగ్రిమెంట్‌లో ఒక వాక్యంగా ఉండాలి. సన్‌షేడ్లు, పోర్టికో, హెడ్‌రూమ్ ఒక్కొక్కటీ పూర్తి రేటా, సగమా, లెక్కలోకే రావా అన్నది పేరు పెట్టి రాయించండి.

రేటు సంగతి తేలాక లేని ఐటెమ్‌లు చూడాలి. డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. ఉన్న లైను కళ్లకు కనిపిస్తుంది, లేని లైనును ఎవరు చూస్తారు? 1,700 కొటేషన్‌లో పిట్టగోడ లేదు. 27, 43 స్లాబు చుట్టూ 140 రన్నింగ్ అడుగులు. మూడడుగుల ఎత్తంటే 420 ఎస్ఎఫ్‌టీ నాలుగున్నర అంగుళాల గోడ, రెండు వైపులా కలిపి 840 ఎస్ఎఫ్‌టీ ప్లాస్టరింగ్, ఆపైన పెయింటు. సంప్ లేదు, సెప్టిక్ ట్యాంక్ లేదు, బేస్‌మెంట్ ఫిల్లింగ్ లేదు.

ఫిల్లింగ్ మాట వస్తే నాకు మా ఇల్లే గుర్తొస్తుంది. మా నాన్న కట్టించినప్పుడు నేను డిప్లొమా చదువుతున్నా. స్థలం రోడ్డు కంటే పల్లం. కొటేషన్‌లో "బేస్‌మెంట్ వరకు" అని ఉంటే, మట్టి కూడా అందులోనే అనుకున్నారు నాన్న. గోడలు లేచాక, మట్టి ఓనరుదే అన్నాడు కాంట్రాక్టరు. అమ్మ చీటీ నష్టానికి పాడుకుని ట్రాక్టర్లకు కట్టింది. పెద్దాయన ఇంటికే చూడండి: మూడడుగుల బేస్‌మెంట్ అంటే గోడల మందం తీసేసినా సుమారు 2,500 ఘనపుటడుగుల మట్టి. నీళ్లు పోసి దిమ్మిస కొడితే వదులు మట్టి కుంగుతుంది కాబట్టి తెప్పించాల్సింది ఇంకా ఎక్కువే. ట్రాక్టర్ల లెక్కన బేరమాడకుండా, దిమ్మిస కొట్టాక ఉన్న కొలత మీద రేటు రాయించుకోండి.

లేనివి పట్టుకోవడానికి నేను చేసేది ఒకటే. కొటేషన్ పక్కన పెట్టి, ప్లాను మీద వేలు పెట్టి, పునాది గుంట నుంచి పైన వాటర్ ట్యాంకు దాకా పని జరిగే వరసలో నడుస్తా. ప్రతి అడుగుకూ కాగితంలో ఒక లైను దొరకాలి. దొరకకపోతే అది ఎక్స్‌ట్రా అవుతుంది.

అపోహ: బీఓక్యూ ఇచ్చాడంటే అన్నీ వివరంగా ఉన్నట్టే.

వాస్తవం: బీఓక్యూలోనూ యూనిట్ చూడాలి. పై స్లాబు 5 అంగుళాల మందమైతే 1,161 ఎస్ఎఫ్‌టీకి సుమారు 484 ఘనపుటడుగులు, అంటే 13.7 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. ఆ లైనులో క్యూబిక్ మీటరు రేటు ఉంటే, అందులో కాంక్రీటు పోయడానికి కింద కట్టే సెంట్రింగ్ కలిసి ఉందా అని అడగండి. విడిగా అయితే ఇంకో లైనులో ఎస్ఎఫ్‌టీల్లో కనబడాలి. రెండు చోట్లా లేకపోతే సెంట్రింగ్ బిల్లు తర్వాత వస్తుంది. ఒకరు మీటర్లలో, ఇంకొకరు అడుగుల్లో రాస్తే క్యూబిక్ మీటరు రేటును 35.3తోను, చదరపు మీటరు రేటును 10.76తోను భాగించి చూసుకోండి. 9 అంగుళాల గోడ ఘనపు కొలతలో, నాలుగున్నర అంగుళాల గోడ చదరపు కొలతలో ఉండటం మాత్రం తప్పు కాదు.

అపోహ: వేస్టేజ్ ఎంతో కొంత కలపక తప్పదు కదా.

వాస్తవం: కలపాలి, కానీ ఒక్కసారే. బీఓక్యూలో క్వాంటిటీ అంటే పని పూర్తయ్యాక టేపు పెట్టి కొలిస్తే వచ్చేది. వేస్టేజ్ రేటులో ఉండాలి. 800 ఎస్ఎఫ్‌టీ ఫ్లోరింగ్‌ను పది శాతం కలిపి 880 అని రాసి, మళ్లీ "రేటు వేస్టేజ్‌తో సహా" అన్న బీఓక్యూ ఈ ఏడాదే చూశాను. అందులో టైలు వేస్టేజ్ రెండుసార్లు పడింది. పైగా మేస్త్రీ వేయని 80 అడుగులకు కూలీ కూడా పడింది. టైల్స్ మీరే కొనిస్తే వేస్టేజ్ మీది, కూలీ మాత్రం వేసిన 800కే.

ఒక్కటి కాంట్రాక్టర్ల తరఫున చెప్పాలి. ప్లాస్టరింగ్ కొలతలో తలుపులూ కిటికీలూ పూర్తిగా తీసేయలేదని గొడవకు దిగేవాళ్లు చాలామంది. కట్టడం పనుల కొలతలకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 ప్రకారం రెండు వైపులా ఒకే ప్లాస్టరింగ్ ఉన్న గోడకు, అర చదరపు మీటరు నుంచి మూడు చదరపు మీటర్ల దాకా ఉన్న ఓపెనింగ్‌ను ఒక వైపే తీసేస్తారు. చుట్టూ ఉన్న అంచుల పనికి విడిగా కొలత ఇవ్వరు కాబట్టి అది దానికి సరిపోతుంది. 3 అడుగులు, 7 అడుగుల తలుపు ఈ లెక్కలోకే వస్తుంది.

పెద్దాయన ఆ సాయంత్రం అడ్వాన్స్ ఇవ్వలేదు. లేని ఐటెమ్‌ల జాబితా రాసి, ఇద్దరికీ ఒకే కాగితం ఇమ్మన్నాను. పది రోజులకు 1,700 ఆయన ప్లింత్ కొలతకే ఒప్పుకుని, పిట్టగోడ, సంప్, సెప్టిక్ ట్యాంక్, ఫిల్లింగ్ కలిపి కొత్త మొత్తం రాసిచ్చాడు. 1,900 ఆయన కాగితం ఇంకా రావాలి.