బ్లూటూత్ మైకా, కార్డ్‌లెస్ సెట్టా? అపోహలు - వాస్తవాలు

బడులు తెరిచే రోజుల్లో మా మైక్ సెట్ షాపుకు టీచర్లు ఎక్కువగా వస్తారు. పాపం, వారానికే గొంతు పోయి ఉంటుంది. చాలామంది చేతిలో అప్పటికే ఒక బ్లూటూత్ వస్తువు కూడా ఉంటుంది.

అపోహ: బ్లూటూత్ హెడ్‌సెట్, బ్లూటూత్ స్పీకర్ ఉంటే మైక్ సెట్ ఉన్నట్టే.

మామూలుగా ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవనే కలవవు. హెడ్‌సెట్టూ ఫోను కోసమే ఎదురు చూస్తుంది, స్పీకరూ ఫోను కోసమే ఎదురు చూస్తుంది. అందుకని మధ్యలో ఫోను పెట్టి, మైక్ యాప్ ఒకటి వేసి నడిపిస్తారు. అసలు తంటా అక్కడే మొదలవుతుంది.

ట్యూషన్ సెంటర్ నడిపే ఒక లెక్కల మేడం ఇలాగే చేశారు. 60 మంది పిల్లలు, 9 మీటర్ల పొడవు గది. "బాబూ, నేను రెండో మాట మొదలుపెట్టేసరికి మొదటి మాట వెనక నుంచి వస్తోంది. నాకే నత్తి వచ్చేట్టుంది" అన్నారు. వెళ్ళి చూశాను. ఆవిడ మైకు దగ్గర ఒక్క చప్పట్టు కొడితే ఆ పక్కనే ఇంకో ఫోనులో రికార్డు చేశాను. ఆడియో ఎడిటింగ్ యాప్‌లో తెరిస్తే రెండు శిఖరాలు కనిపించాయి: ఒకటి చేతిది, రెండోది స్పీకర్‌ది. మధ్య దూరం సుమారు పావు సెకను.

పావు సెకనులో శబ్దం గాలిలో 85 మీటర్లు పోతుంది. అంటే ఆ స్పీకర్ గదిలో ఉన్నా చెవికి మాత్రం 85 మీటర్ల అవతల, వీధి చివర ఉన్నట్టే. ఆవిడ సొంత గొంతు చివరి బెంచీకి చేరడానికి సెకనులో నలభయ్యో వంతు చాలు. రెండు శబ్దాల మధ్య తేడా అంత చిన్నదైతే చెవి వాటిని ఒకటిగా కలుపుకుంటుంది. పావు సెకనైతే రెండు మాటలుగానే వింటుంది. సౌండు పెంచినా తగ్గించినా ఇది పోదు. బ్లూటూత్ మాటను ముక్కలుగా కుదించి, పంపి, అవతల కొంచెం పోగుచేసుకుని విప్పుతుంది. ఆ పనికి పట్టే సమయమే ఇది. పైగా ఇక్కడ హెడ్‌సెట్ నుంచి ఫోనుకు ఒకసారి, ఫోను నుంచి స్పీకర్‌కు ఇంకోసారి.

మామూలు అనలాగ్ కార్డ్‌లెస్ మైకులో ఈ ఆలస్యం లేనట్టే లెక్క. డిజిటల్ సెట్లలోనూ సాధారణంగా సెకనులో వెయ్యో వంతులు కొన్నే.

అపోహ: కాలర్‌కు పెట్టుకునే చిన్న మైకులన్నీ బ్లూటూతే.

షాపులవాళ్ళే అలా అమ్ముతారు, ఏం చేస్తాం! ఒక చిన్న రిసీవర్ కూడా ఇచ్చే 2.4 గిగాహెర్ట్జ్ మైకులు చాలావరకు బ్లూటూత్ కావు. బ్యాండ్ అదే అయినా పంపే పద్ధతి వేరు కాబట్టి ఆలస్యం బాగా తక్కువ. వైఫై కూడా ఆ బ్యాండ్‌లోనే నడుస్తుంది. మన ఒళ్ళు నీళ్ళ ముద్ద కాబట్టి ఆ తరంగాలను బాగానే మింగేస్తుంది. పొద్దున ఖాళీ హాల్లో ట్రయల్ వేస్తే బ్రహ్మాండంగా పలికిన మైకు, సాయంత్రం 150 మంది కూర్చున్నాక మాట మాటకీ తెగిపోవడానికి కారణం ఇదే. రిసీవర్‌ను జనం తలల కంటే ఎత్తున పెట్టి, మైకుకు ఎదురుగా ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది.

అపోహ: కార్డ్‌లెస్ సెట్ కొంటే ఇక టెన్షన్ ఉండదు.

ఉంటుంది. దాని రోగాలు వేరు. చవక సెట్లలో చాలావాటికి ఫ్రీక్వెన్సీ మార్చే వీలు ఉండదు. పక్క గదిలోనూ అదే సెట్ ఉంటే మీ పాఠం మధ్యలో వాళ్ళ సోషల్ క్లాసు వినిపిస్తుంది. కొనేముందు వెనక స్టిక్కర్ మీద మెగాహెర్ట్జ్ అంకె చూడండి, మార్చుకునే బటన్ ఉందో లేదో అడగండి. రిసీవర్‌ను ఇనప బీరువా వెనక దాచకండి. గరగరమంటే ముందు కొత్త సెల్స్ వేసి చూడండి, ఆ తర్వాతే నాకు ఫోన్ చేయండి.

కుయ్యిమని అరవడం మాత్రం ఏ మైకుకైనా ఉంటుంది. అది స్పీకర్ ముందు నిలబడితే వచ్చేది, రేడియోతో సంబంధం లేదు.

అపోహ: అయితే బ్లూటూత్ దండగ.

ఆన్‌లైన్ క్లాసుకు ఆ హెడ్‌సెట్టే హాయి. మీ గొంతు మళ్ళీ అదే గదిలో వినిపించదు కాబట్టి ఆలస్యం ఎవరికీ తగలదు. గొంతు మాత్రం ఫోన్ కాల్‌లో లాగా కాస్త పల్చగా ఉంటుంది.

మేడం చివరికి ఫ్రీక్వెన్సీ మార్చుకునే యూహెచ్ఎఫ్ కాలర్ మైక్ తీసుకున్నారు. స్పీకర్ పాతదే, దాని మైక్ ఇన్‌పుట్‌కు వైరుతో రిసీవర్ కలిపాను. మళ్ళీ చప్పట్టు కొట్టించి చూస్తే శిఖరం ఒక్కటే కనిపించింది.