ప్రతి ఎనిమిదో తలుపు తడితే

1940లో అమెరికా జనాభా లెక్కలకు వాడిన ఫారం ఒక వెడల్పాటి కాగితం. ఒక్కో వైపు 40 వరుసలు, వరుసకు ఒక మనిషి. అన్ని ప్రశ్నలూ అందరినీ అడిగే తీరిక, డబ్బు లేక ఆ ఏడాది తొలిసారి ఒక కొత్త పని చేశారు. తల్లిదండ్రులు ఎక్కడ పుట్టారు, చిన్నప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడేవారు లాంటి కొన్ని ప్రశ్నలను నూటికి ఐదుగురినే అడిగారు. నూటికి ఐదుగురంటే ఇరవై మందికి ఒకరు, 40 వరుసల వైపుకు ఇద్దరు. ఆ ఇద్దరూ ఎవరన్నది ఎన్యూమరేటర్ ఇష్టానికి వదల్లేదు. ఏ వరుసల్లో పడినవాళ్లను అడగాలో ఫారం మీదే ముందుగా అచ్చు వేశారు.

ఒకటో వరుస, ఇరవై ఒకటో వరుస అని అచ్చు వేస్తే సరిపోదా? చూడటానికి అదే తేలిక. కానీ ఒకటో వరుసలో ఎవరుంటారో ఒకసారి ఆలోచించండి. ఎన్యూమరేటర్ కొత్త ప్రాంతంలో పని మొదలుపెట్టేది కొత్త కాగితంతో. మొదటి ఇంట్లో మొదట రాసే పేరు ఇంటి యజమానిది. రెండోది, ఉంటే, అతని భార్యది. పిల్లలు ఆ తర్వాత. అంటే మొదటి కాగితం మొదటి వరుస మామూలు వరుస కాదు, అక్కడ ఇంటి పెద్దలే పోగవుతారు. ఆఖరి కాగితంలో చివరి వరుసలేమో ఖాళీగా మిగిలిపోతాయి. వరుస సంఖ్యకూ మనిషి రకానికీ మధ్య ఎవరూ కోరకుండానే ఒక సంబంధం ఏర్పడింది. ఆ శాంపిల్‌ను రూపొందించిన గణాంక నిపుణులు స్టీఫన్, డెమింగ్, హాన్సెన్ ఈ చిక్కును ముందే గమనించారు. వాళ్లేం చేశారో చెప్పేముందు, అసలు పద్ధతి ఏమిటో, అది ఎక్కడ విరుగుతుందో ఒక చిన్న లెక్కలో చూద్దాం.

పద్ధతి చాలా సులువు. 96 ఫ్లాట్ల జాబితా ఉంది, అందులో 12 కావాలి. 96ను 12తో భాగిస్తే 8. ఒకటి నుంచి ఎనిమిది లోపు ఒక సంఖ్యను చీటీ తీసి ఎంచుకోండి. ఐదు వచ్చిందనుకుంటే 5, 13, 21, 29... అలా ప్రతి ఎనిమిదో ఫ్లాట్‌కీ వెళ్లండి. దీన్ని క్రమబద్ధ శాంపిల్ అంటారు. ఇందులో అదృష్టానికి చోటు ఒక్కచోటే, మొదటి చీటీలో. ఆ తర్వాత అంతా నిర్ణయమైపోయినట్టే. చేతిలో జాబితా లేకపోయినా ఇది పని చేస్తుంది, వీధిలో ఇళ్లు లెక్కపెట్టుకుంటూ పోతే చాలు. పైగా శాంపిల్ జాబితా పొడవునా సమంగా పరుచుకుంటుంది. పన్నెండు చీటీలూ విడివిడిగా తీస్తే అవన్నీ ఒకే మూల పడే అవకాశం ఎంతో కొంత ఉంటుంది, ఇక్కడ అది ఉండదు. జాబితాను ఇంటి విస్తీర్ణం ప్రకారం చిన్న నుంచి పెద్దకు అమర్చి ఉంటే ఈ పద్ధతి విడి చీటీల కంటే మంచి జవాబే ఇస్తుంది, ఎందుకంటే చిన్నవీ మధ్యరకానివీ పెద్దవీ తప్పకుండా వాటి వాటి వంతుకు వస్తాయి.

ఇప్పుడు ఆ 96 ఫ్లాట్లూ ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నాయనుకుందాం. పన్నెండు అంతస్తులు, అంతస్తుకు ఎనిమిది ఫ్లాట్లు. ప్రతి అంతస్తులోనూ రెండు చివర్లలో ఉన్న ఒకటో ఫ్లాట్, ఎనిమిదో ఫ్లాట్ మూడు పడకగదులవి, అద్దె 32 వేలు. మధ్యలో ఉన్న ఆరూ రెండు పడకగదులవి, అద్దె 20 వేలు. సగటు అద్దె ఎంత? అంతస్తుకు రెండు 32లు, ఆరు 20లు కలిపితే 184 వేలు, ఎనిమిదితో భాగిస్తే 23 వేలు. ఇది మనకు తెలిసిన నిజం. సర్వే చేసేవాడికి తెలియదు.

చీటీలో ఐదు వచ్చింది. అతను వెళ్లేది ప్రతి అంతస్తులోనూ ఐదో ఫ్లాట్‌కే. పన్నెండు తలుపులు తట్టాడు, పన్నెండు చోట్లా 20 వేలే అన్నారు. చీటీలో ఒకటి వచ్చి ఉంటే పన్నెండు చోట్లా 32 వేలు అనేవారు. ఏ చీటీ తీసినా వచ్చే జవాబు 20 లేదా 32, ఎప్పటికీ 23 రాదు. జాబితాలో ఎనిమిదికి ఒకసారి తిరిగొచ్చే వరస ఉంది. మన అడుగూ ఎనిమిదే. రెండూ కాలికి కాలు కలిపి నడుస్తున్నాయి.

ఇందులో రెండు సంగతులు నన్ను మొదటిసారి చదివినప్పుడే కలవరపెట్టాయి. మొదటిది, లెక్క ప్రకారం ఈ పద్ధతిలో పక్షపాతమే లేదు. ఎనిమిది చీటీల్లో ఆరు 20 ఇస్తాయి, రెండు 32 ఇస్తాయి, ఆ ఎనిమిది జవాబుల సగటు సరిగ్గా 23. ప్రతి ఫ్లాట్‌కూ ఎంపికయ్యే అవకాశం సమానమే. కానీ మనం సర్వే చేసేది ఒక్కసారే. ఎనిమిది జవాబుల సగటు సరైనదన్న మాట, చేతిలో ఉన్న ఒక్క తప్పు జవాబుకు ఏ మాత్రం ఊరట కాదు.

రెండోది ఇంకా ప్రమాదకరం. పన్నెండు ఫ్లాట్లలోనూ ఒకే అద్దె వస్తే, జవాబులో పొరపాటు ఎంత ఉండొచ్చో విడి చీటీలకు వాడే మామూలు సూత్రంతో అంచనా కడితే ఎంతొస్తుంది? సున్నా. అంకెల్లో తేడాలే లేవు కాబట్టి ఆ సూత్రం ఈ జవాబును పూర్తిగా నమ్మమంటుంది. నిజానికి పన్నెండు ఫ్లాట్లూ ఒకే ఫ్లాట్‌ను పన్నెండుసార్లు అడిగినట్టు. శాంపిల్ ఎంత తప్పుగా ఉంటే అంత నమ్మకంగా కనిపిస్తోంది. వచ్చిన అంకెలను ఎంతసేపు చూసినా లోపం బయటపడదు, జాబితా వైపు చూడాలి.

సరే, శాంపిల్‌ను రెట్టింపు చేస్తే? 24 ఫ్లాట్లు, అంటే ప్రతి నాలుగోదీ. చీటీలో ఒకటి వస్తే అంతస్తుకు ఒకటో ఫ్లాట్, ఐదో ఫ్లాట్ వస్తాయి. సగం పెద్దవి, సగం చిన్నవి, సగటు 26. నాలుగు వచ్చినా అంతే, అప్పుడు నాలుగూ ఎనిమిదీ. రెండు గానీ మూడు గానీ వస్తే అన్నీ చిన్నవే, సగటు 20. రెట్టింపు కష్టపడ్డా 23 రాలేదు. ఇప్పుడు శాంపిల్‌ను తగ్గించి 16 ఫ్లాట్లే తీసుకోండి, ప్రతి ఆరోదీ. చీటీలో ఒకటి వస్తే అంతస్తులో స్థానాలు 1, 7, 5, 3 అని తిరుగుతాయి. నాలుగింటికి ఒకటి పెద్దది, సగటు సరిగ్గా 23. సరి సంఖ్య వచ్చినా 2, 8, 6, 4 మధ్య తిరుగుతుంది, మళ్లీ 23. ప్రతి ఏడోది తీస్తే స్థానం ఒక్కో అడుగు వెనక్కి జరుగుతూ ఎనిమిదింటినీ చుట్టొస్తుంది. చీటీలో ఒకటి వచ్చిందనుకుంటే 14 ఫ్లాట్లలో నాలుగు పెద్దవి, సగటు 23.4. కాబట్టి ఇక్కడ శాంపిల్ సైజు కన్నా అడుగు ముఖ్యం. అడుగుకూ వరసకూ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేకపోతే శాంపిల్ అన్ని స్థానాలనూ చూస్తుంది. అడుగు ఆ వరసకే సమానమైనా, దాని గుణిజమైనా ఒకే స్థానంలో ఇరుక్కుపోతుంది.

ఏడుతో ఒక చిన్న ఇబ్బంది ఉంది. 96 ఏడుతో నిశ్శేషంగా భాగింపబడదు. చీటీలో ఒకటి నుంచి ఐదు వస్తే 14 ఫ్లాట్లు, ఆరో ఏడో వస్తే 13. దీనికి భారత గణాంక సంస్థలో పనిచేసిన డి.బి. లాహిరి చక్కటి మార్గం చెప్పారు. జాబితాను గుండ్రంగా ఊహించుకుని, 96 తర్వాత మళ్లీ ఒకటి వస్తుందనుకోండి. చీటీని ఏడు లోపు కాకుండా మొత్తం 96 లోంచి తీయండి. అక్కడి నుంచి ఏడేసి అడుగులు వేస్తూ 14 అయ్యేదాకా తిరగండి. శాంపిల్ ఎప్పుడూ 14గానే ఉంటుంది, ప్రతి ఫ్లాట్‌కూ అవకాశమూ సమానంగా ఉంటుంది. మన జాతీయ నమూనా సర్వేలో ఈ చక్రీయ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది.

అయితే వరస ఎంతకు తిరుగుతుందో తెలిస్తేనే కదా అడుగు మార్చుకోగలిగేది? అందుకే శాంపిల్ తీసేముందు జాబితాను ఎవరు, ఏ క్రమంలో రాశారో అడగాలి. రోజువారీ రిజిస్టర్ అయితే వారం గుర్తుకు రావాలి. ప్రతి ఏడో రోజు తీస్తే, చీటీ ఆదివారం మీద పడితే అన్నీ ఆదివారాలే. ప్రతి 14వ రోజు తీసినా అంతే. కుటుంబాలవారీగా పేర్లు రాసిన జాబితా అయితే యజమాని, భార్య, పిల్లలు అన్న క్రమం ఉంటుంది. కుటుంబాల సైజు ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉండటం వల్ల ఆ వరస త్వరగానే చెదిరిపోతుంది, అది మన అదృష్టం. అపార్ట్‌మెంట్లు, పేజీకి ఇన్ని వరుసలున్న రిజిస్టర్లు, బ్యాచ్‌లుగా సరుకు తయారుచేసే యంత్రాలు అలా చెదరవు. శాంపిల్ తీశాక ఒక చిన్న పరీక్ష కూడా చేయొచ్చు. జాబితాలో పెద్ద ఫ్లాట్లు నాలుగో వంతు అని ముందే తెలిస్తే, శాంపిల్‌లోనూ సుమారు అంతే ఉన్నాయా అని చూడాలి. సున్నా ఉంటే ఆగిపోవాలి.

ఏమీ తెలియనప్పుడు వాడే ఉపాయం ఒకటుంది, ఒక్క చీటీకి బదులు కొన్ని చీటీలు తీయడం. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1937లో బెంగాల్‌లో మొదలైన జనపనార సర్వేల కాలం నుంచీ ఒకే పనిని విడివిడి ఉపశాంపిల్స్‌గా చేయించి, వాటి జవాబులను పక్కపక్కన పెట్టి చూడమనేవారు. జవాబులు దూరంగా ఉంటే ఆ దూరమే మన అసలు పొరపాటును చూపిస్తుంది. మన ఫ్లాట్లకు దీన్ని వర్తింపజేద్దాం. ఒక్క చీటీతో ప్రతి ఎనిమిదోది తీయడానికి బదులు, రెండు వేర్వేరు చీటీలతో ప్రతి పదహారోది తీద్దాం. మొత్తం అవే 12 ఫ్లాట్లు. ఒకటి 20, ఇంకొకటి 32 వస్తే ఏదో తేడా ఉందని వెంటనే తెలుస్తుంది. కానీ రెండు చీటీలూ చిన్న ఫ్లాట్ల మీదే పడే అవకాశం నూటికి 55 పాళ్లు. సగానికి పైగా సార్లు మళ్లీ మోసపోతాం! ఆరు చీటీలతో ప్రతి 48వది తీస్తే ఆ అవకాశం నూటికి 16కు తగ్గుతుంది. ఆరు చీటీలూ ఒకే మాట చెప్పినా, జాబితాను చూడని నమ్మకం ఇప్పటికీ అరకొర నమ్మకమే.

1940 నాటి వాళ్ల పరిస్థితి మన కంటే మెరుగు, తమ జాబితాలో లోపం ఎక్కడుందో వాళ్లకు తెలుసు. అందుకని ఒకే ఫారం కాకుండా ఐదు రకాల ఫారాలు అచ్చు వేయించారు. ఒక రకంలో శాంపిల్ వరుసలు కాగితం నడిమి భాగంలో, 14, 29 దగ్గర ఉండేవి. మిగతా రకాల్లో అంచుల దగ్గరి వరుసలకు గుర్తు ఉండేది. అంచుల్ని పూర్తిగా వదిలేస్తే అక్కడ పోగైన ఇంటి పెద్దలు లెక్కలోంచి జారిపోతారు, అంచులే తీసుకుంటే వాళ్లే నిండిపోతారు. అందుకే ఆ ఐదు రకాలనూ కలిపి దేశమంతా పంచారు. ఎన్యూమరేటర్ చేతికి ఏ రకం వచ్చినా, అతను చేయాల్సింది గుర్తు పెట్టిన వరుసలో ఎవరి పేరు పడితే వాళ్లను అడగడమే.