మూడు నాణేలకు ఒకటిన్నర బొమ్మలు

గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ చదివే ఒక అమ్మాయి అడిగింది: "మూడు నాణేలు ఎగరేస్తే సగటున ఎన్ని బొమ్మలు పడతాయని పరీక్షలో ఇచ్చారు. 1.5 అని ఉన్న ఆప్షన్‌ని ముందే కొట్టేశాను. ఒకటిన్నర బొమ్మలు ఎలా పడతాయి సార్?"

నాకు చాలా నచ్చిన ప్రశ్న ఇది. క్లాసులో నాణేల సంఖ్యను బొమ్మ పడే అవకాశంతో గుణించే np సూత్రం బట్టీ పట్టించి వదిలేస్తే ఈ అనుమానం అలాగే ఉండిపోతుంది. బొమ్మకు బ, బొరుసుకు ర అనుకుని, పడే వీలున్నవన్నీ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాయండి.

బ బ బ
బ బ ర
బ ర బ
ర బ బ
బ ర ర
ర బ ర
ర ర బ
ర ర ర

ఈ ఎనిమిదికీ సమాన అవకాశం ఉంది. అడ్డంగా చదివితే ప్రతి వరసలో 0, 1, 2, 3లలో ఏదో ఒకటే ఉంటుంది. ఒకటిన్నర ఎక్కడా లేదు, ఉండదు కూడా. ఇప్పుడు నిలువుగా చదవండి. మొదటి నాణెం నిలువు గీతలో నాలుగు బొమ్మలు, రెండో దానిలో నాలుగు, మూడో దానిలో నాలుగు. మొత్తం పన్నెండు. ఎనిమిది వరసలకు పంచితే ఒకటిన్నర. అంటే ఒక్కో నాణెం సగటుకి అర బొమ్మ చొప్పున ఇస్తోంది. సగటు మొత్తం కాగితానిది, ఏ ఒక్క వరసదీ కాదు. అందుకే అది వరసల్లో కనిపించే అంకె కానక్కర్లేదు.

మూడేసి నాణేలు వెయ్యిసార్లు ఎగరేస్తే బొమ్మలు 1500కి దగ్గర్లో ఉంటాయి. మొదటి పదిసార్లలో 15కి బదులు 10 బొమ్మలే పడ్డాయనుకోండి. "ఇక బొమ్మలే పడాలి" అని చాలామంది గట్టిగా నమ్ముతారు. నాణేనికి జ్ఞాపకం లేదు. మిగిలిన 990 సార్లకూ మనం ఆశించేది మామూలుగా 1485 బొమ్మలే. మొత్తం 1495, సగటు 1.495. ఆ అయిదు బొమ్మల లోటు ఎవరూ పూడ్చలేదు, వెయ్యిలో అది కనబడకుండా పోయిందంతే.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఇంకొకటుంది. మూడు నాణేలనూ పక్కపక్కన పెట్టి, బొమ్మలన్నీ ఒకే వైపు ఉండేలా టేపుతో అతికించండి. ఇప్పుడు పట్టికలో మిగిలేవి రెండే వరసలు: బ బ బ, ర ర ర. రెండు వైపులా పడే అవకాశం సమానమైతే ప్రతి నిలువు గీతలోనూ సగం బొమ్మలే. సగటు మళ్ళీ ఒకటిన్నరే! నాణేలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నా, విడివిడిగా ఉన్నా, సగటులను కలపడానికి అడ్డేమీ లేదు.

మారేది చెదురు, అంటే ఫలితాలు సగటుకి ఎంత దూరం దాకా పోతాయన్నది. విడి నాణేలతో వెయ్యిసార్లు ఆడితే మొత్తం బొమ్మలు చాలావరకు 1445కీ 1555కీ మధ్య ఉంటాయి. అతికించిన వాటితో 1405 నుంచి 1595 దాకా పోవచ్చు. సగటు ఒక్కటే చూస్తే ఈ రెండు ఆటలకీ తేడా తెలియదు.