నాటకాన్ని సినిమా చేసేటప్పుడు గది దాటడం గురించి అపోహలు - వాస్తవాలు

పరిషత్తు నాటకాలు రాస్తూ స్క్రిప్టుల వైపు వచ్చినవాణ్ణి. ఒకే గదిలో నడిచే నాటకాన్ని సినిమాగా రాయమన్నప్పుడల్లా నాకు ఎదురయ్యే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: నాలుగు అవుట్‌డోర్ సీన్లు పడితేనే అది సినిమా అవుతుంది.

వాస్తవం: హిచ్‌కాక్ 1954లో ఫ్రెడరిక్ నాట్ నాటకం ‘డయల్ ఎం ఫర్ మర్డర్’ని సినిమా తీశాడు. నాటకమంతా లండన్‌లో ఒక ఫ్లాట్ ముందు గదిలోనే నడుస్తుంది. సినిమాలోనూ దాదాపు అంతే. స్టేజీ మీద మనిషి తలుపు తీసుకుని లోపలికి వస్తే, సినిమావాళ్లు ముందుగా అతను టాక్సీ దిగడం, డబ్బులివ్వడం, మెట్లెక్కడం చూపిస్తారనీ, దానివల్ల ఒరిగేదేమీ లేదనీ హిచ్‌కాక్ అభిప్రాయం. అడుగుల చప్పుడు సరిగ్గా వినపడాలని నేలకి నిజమైన పలకలే వేయించాడు. గది బిగువే నాటకానికి బలమని అతనికి తెలుసు.

అపోహ: అయితే అసలు బయటికే వెళ్లకూడదు.

వాస్తవం: అదే సినిమాలో అతను బయటికి వెళ్లిన చోటు చూడండి. టోనీ తన భార్య మార్గోని చంపించడానికి పథకం వేస్తాడు. తాను పార్టీలో ఉండి, రాత్రి పదకొండుకి ఇంటికి ఫోన్ చేస్తాడు. ఆమె నిద్ర లేచి ఫోన్ ఎత్తగానే, కిటికీ తెర వెనక దాక్కున్న హంతకుడు స్వాన్ వెనకనుంచి ఆమె పీక బిగించాలి.

నాటకం ఆడేటప్పుడు మనం ఆ ఫ్లాట్‌లోనే కూర్చుని ఫోన్ కోసం ఎదురుచూడాలి. కెమెరాకి ఆ ఇబ్బంది లేదు. అది పార్టీకి వెళ్తుంది. టోనీ చేతి గడియారం ఆగిపోయి ఉంటుంది. సమయం దాటిందని తెలిసి ఫోన్ దగ్గరికి పరిగెడితే, బూత్‌లో ఇంకెవరో మాట్లాడుతుంటారు. ఇక్కడ ఫ్లాట్‌లో స్వాన్ విసిగిపోయి వెళ్లిపోబోతుంటాడు. టోనీ డయల్ తిప్పుతుంటే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో యంత్రం కదలడం కూడా కనిపిస్తుంది. ఇంకాసేపుంటే హంతకుడు వెళ్లిపోతాడన్న కంగారు మనకే మొదలవుతుంది. చంపేవాడి పని చెడిపోతుందేమోనని మనం బెంగపడటం ఎంత దుర్మార్గమో చూడండి!

ఇక్కడ బయటి సీన్‌లో గడుస్తున్న ప్రతి క్షణమూ లోపలి గదిలోనూ గడుస్తోంది. బయట ఆలస్యమైతే లోపల ఏదో మారిపోతుంది. నేను బయటి సీన్ రాసిన ప్రతిసారీ దాన్ని తీసేసి, తర్వాత వచ్చే గది సీన్ ఒక్కటే చదువుతాను. లోపలి మనుషుల పరిస్థితిలో ఏ తేడా రాకపోతే ఆ సీన్ ఉత్త విహారయాత్ర. ఊరు బాగా కనపడుతుంది, లొకేషన్ ఖర్చూ అవుతుంది, అంతే.

అపోహ: స్టేజీ మీద మాటల్లో చెప్పినదాన్ని సినిమాలో చూపించి తీరాలి.

వాస్తవం: ఇందులో దెబ్బ తిన్నది నేనే. ఒక నాటికలో తండ్రి పోయాక ఇద్దరు అన్నదమ్ములు ఇంటి కాగితాల మీద సంతకం కోసం చెల్లెలికి కబురు పెట్టి కూర్చుంటారు. వీధిలో ఆటో చప్పుడు అయినప్పుడల్లా ఇద్దరూ తలుపు వైపు చూస్తారు. స్టేజీ మీద ఆ చూపులకే హాలంతా నిశ్శబ్దమైపోయేది. సినిమాకి రాసేటప్పుడు నేను చెల్లెల్ని బస్సులో కూర్చోబెట్టాను. కిటికీ, వాన, ఒళ్లో పిల్లాడు. చాలా అందంగా వచ్చింది. ఎడిటింగ్‌లో చూస్తే గది సీన్లు చప్పబడిపోయాయి. ఆమె వస్తుందా రాదా అన్నదే కదా లోపలి ఉత్కంఠ! వస్తోందని నేనే చెప్పేశాను. అన్నదమ్ములు తలుపు వైపు చూస్తుంటే ప్రేక్షకుడు గడియారం వైపు చూస్తున్నాడు.

బస్సు మొత్తం తీసేశాం. ఒక్క బయటి షాట్ మిగిలింది: తమ్ముడు సిగ్నల్ కోసం వీధి చివరికి వెళ్లి ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడతాడు. కెమెరా మాత్రం గది కిటికీ దగ్గరే, అన్న పక్కనే ఉంటుంది. మాటలు వినపడవు. చెల్లెలితోనా, లాయరుతోనా? అన్నకి అనుమానం మొదలయ్యింది, చూసేవాళ్లకీ మొదలయ్యింది.

చూపించక తప్పని సంగతులూ ఉంటాయి. ఆ రాత్రి పెనుగులాటలో స్వానే చనిపోతాడు, హత్యానేరం మార్గో మీద పడుతుంది. నాట్ నాటకంలో ఆమె కోర్టు విచారణ అంకాల మధ్య జరిగిపోతుంది. హిచ్‌కాక్ దానికి కోర్టు హాలు సెట్ వెయ్యలేదు. ఖాళీ నేపథ్యం ముందు ఆమె ముఖం, మారే రంగుల వెలుతురు, వినపడే గొంతులు, చివరికి ఉరిశిక్ష. కాసేపట్లో అయిపోతుంది. వెంటనే మళ్లీ అదే ఫ్లాట్, అవే మెట్లు, మెట్టు మీది తివాచీ కింద దాచిన తాళంచెవి. కథ ముడి విప్పేది ఆ తాళంచెవే. అందుకే ఆ మెట్ల దగ్గర్నుంచి ప్రేక్షకుణ్ణి ఎక్కువసేపు దూరంగా ఉంచలేదు.