అలర్ట్ రాలేదంటే మార్కెట్ ప్రశాంతంగా ఉన్నట్టేనా? హార్ట్‌బీట్ చెక్‌లపై అపోహలు - వాస్తవాలు

ఐదు నిమిషాలకోసారి ధరలు చూసి, పెట్టుకున్న హద్దు దాటితే ఫోన్‌కి మెసేజ్ పంపే చిన్న స్క్రిప్ట్ చాలామంది రాసుకుంటారు. నాదీ అలాంటిదే. నలభై షేర్లు చూస్తుంది, ఒక సర్వర్‌లో క్రాన్ దాన్ని నడుపుతుంది. అది రెండు రోజులకు పైగా ఆగిపోయినా నాకు తెలియలేదు. ఆ తర్వాత మార్చుకున్న అభిప్రాయాలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అలర్ట్ రాలేదంటే హద్దు దాటిన షేరు లేదని అర్థం.

ఒక గురువారం సాయంత్రం తోటి ఉద్యోగి అడిగాడు: "ఆ షేరు అంత పడింది కదా, నీ అలర్ట్ ఏమైంది?" లాగ్ తెరిచి చూస్తే చివరి వరుస మంగళవారం 11:20 ది. ఆ తర్వాత ఒక్క అక్షరం లేదు. ఎర్రర్ కూడా లేదు. `ps` కొట్టి చూస్తే మంగళవారం 11:20 కి మొదలైన ప్రాసెస్ ఇంకా బతికే ఉంది, ఏమీ చేయకుండా.

జరిగింది ఇది. స్క్రిప్ట్ ధరల సర్వర్‌ని అడిగింది, అవతలి నుంచి జవాబు రాలేదు, కనెక్షన్ తెగనూ లేదు. పైథాన్‌లో అందరం వాడే `requests` లైబ్రరీకి మనం చెప్పకపోతే టైమౌట్ ఉండదు. అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. ఒకేసారి రెండు కాపీలు నడవకూడదని నేను `flock -n` పెట్టాను. ఆ ఇరుక్కున్న ప్రాసెస్ తాళం పట్టుకుని కూర్చుంది. ఐదు నిమిషాలకోసారి వచ్చిన ప్రతి కొత్త రన్, తాళం దొరకక నోరెత్తకుండా వెనక్కి వెళ్లిపోయింది. జాగ్రత్త కోసం పెట్టినదే నోరు నొక్కింది.

నిశ్శబ్దానికి రెండు అర్థాలున్నాయని నాకు అప్పుడు తట్టింది: "చూశాను, ఏమీ లేదు" అన్నది ఒకటి, "అసలు చూడనే లేదు" అన్నది రెండోది. ఫోన్‌లో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. హార్ట్‌బీట్ చేసే పనల్లా ఈ రెంటినీ విడదీయడమే. పని పూర్తయిన ప్రతిసారీ స్క్రిప్ట్ బయట ఉన్న ఒక సేవకు చిన్న పింగ్ పంపుతుంది. అనుకున్న సమయానికి పింగ్ రాకపోతే ఆ సేవే మనకు ఫోన్ చేస్తుంది లేదా మెసేజ్ పెడుతుంది.

అపోహ: ఎర్రర్ వస్తే పట్టుకునే కోడ్ ఉంది, క్రాన్ ఎలాగూ మెయిల్ పంపుతుంది.

నడవని కోడ్ ఏ ఎర్రర్‌నీ పట్టుకోలేదు. నా కేసులో ఎర్రరే రాలేదు, ఇక పట్టుకోవడానికి ఏముంది? క్రాన్ మెయిల్ సంగతీ అంతే. మామూలు లినక్స్ క్రాన్ మెయిల్ పంపేది ప్రోగ్రామ్ ఏదైనా ప్రింట్ చేస్తేనే. ఏ ఎగ్జిట్ కోడ్‌తో ఆగిందన్నది అది పట్టించుకోదు. తాళం దొరకని `flock -n` కోడ్ 1 తో ఆగుతుంది కానీ ఒక్క మాట కూడా ప్రింట్ చేయదు. సర్వరే ఆగిపోతే, లేదా ఎవరో క్రాన్‌ట్యాబ్‌లో ఆ వరుస తీసేస్తే, మెయిల్ పంపడానికి ఎవరూ ఉండరు.

అపోహ: పింగ్ ఒకటి పెడితే చాలు, ఎక్కడ పెట్టినా ఒకటే.

స్క్రిప్ట్ మొదట్లో పెడితే "మొదలైంది" అని మాత్రమే తెలుస్తుంది. పైథాన్‌లో `finally` లో పెడితే పని చెడినా పింగ్ వెళ్లిపోతుంది. ఇది నేను చాలా కోడ్‌లలో చూశాను. క్రాన్ వరుసలో `&&` బదులు `;` పడినా అదే కథ. పింగ్ చివర ఉండాలి, అదీ పని సవ్యంగా ముగిస్తేనే వెళ్లాలి. నా మొదటి సవరణ ఇలా ఉండేది:

```
*/5 9-15 * * 1-5 flock -n /tmp/watch.lock timeout 240 /opt/watch/run.sh && curl -fsS -m 10 --retry 3 -o /dev/null https://hc-ping.com/<uuid>
```

`timeout 240` నాలుగు నిమిషాలు దాటిన ప్రాసెస్‌ని ఆపేస్తుంది, కాబట్టి తాళం తర్వాతి రన్‌కి దొరుకుతుంది. పైథాన్ లోపల కూడా టైమౌట్ పెట్టాను. కానీ ఒక్క దానినే నమ్ముకోలేం: `requests` లో టైమౌట్ మొత్తం సమయానికి కాదు, అవతలి నుంచి ఏమీ రాని విరామానికి. చుక్క చుక్కగా డేటా వస్తూంటే అది ఎంతసేపైనా సాగుతుంది. `curl` కి `-m 10` కూడా అందుకే. పింగే ఇరుక్కుంటే చూడటానికి బాగుండదు.

అపోహ: పింగ్ వస్తోందంటే మార్కెట్‌ని చూస్తున్నట్టే.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే అని నా లెక్క, ఎందుకంటే ఇక్కడ డ్యాష్‌బోర్డ్ అంతా పచ్చగా ఉంటుంది. ధరల సేవ 200 అని జవాబిస్తుంది, నలభై ధరలూ ఇస్తుంది, కానీ అవి గంట కిందటివి. ఎక్కడో క్యాష్ ఇరుక్కుంది. స్క్రిప్ట్ పాత ధరలనే హద్దులతో పోల్చి, ఏమీ దాటలేదని తేల్చుకుని, సంతోషంగా పింగ్ పంపుతుంది.

కాబట్టి పింగ్‌కి ముందు ఒక ప్రశ్న వేయాలి: నేను చూసిన ధర ఎప్పటిది? మనం రన్ అయిన సమయం కాదు, డేటా లోపల ఉన్న సమయం.

```
newest = max(q["time"] for q in quotes)
if market_open and now - newest > timedelta(minutes=15):
    sys.exit(2)
```

ఇక్కడ `max` అని ఎందుకు రాశానో చెప్పాలి. మొదట ప్రతి షేరుకీ విడిగా ఈ పరీక్ష పెట్టి రెండు రోజులు తలనొప్పి తెచ్చుకున్నాను. పెద్దగా చేతులు మారని షేరులో చివరి ట్రేడ్ నిజంగానే గంట కిందటిది కావచ్చు. అది తప్పు కాదు. కానీ నలభైలో ఒక్కదానికి కూడా పదిహేను నిమిషాలుగా కొత్త ట్రేడ్ లేదంటే, అది మార్కెట్ తీరు కాదు, ఫీడ్ సమస్య. జాబితాలో రోజంతా చేతులు మారే షేరు కనీసం ఒకటి ఉండాలి, లేదంటే ఈ పరీక్షకు అర్థం లేదు. మీ ఫీడ్ ఆలస్యంగా ఇచ్చే రకమైతే ఆ ఆలస్యాన్ని పదిహేనుకు కలపండి. మార్కెట్ తెరిచిన మొదటి పదిహేను ఇరవై నిమిషాలు ఈ పరీక్షను వదిలేయండి. అప్పటికి చేతిలో ఉన్నది నిన్నటి ముగింపు ధరే కావచ్చు.

ఈ పరీక్ష ఒక్క షేరు ఫీడ్ మాత్రమే ఆగితే పట్టుకోదు. దానికి వేరే ఏర్పాటు కావాలి, హార్ట్‌బీట్ మీద ఆ బరువు వేయను.

అపోహ: గడువు ఎంత బిగిస్తే అంత మంచిది.

ఐదు నిమిషాల పనికి ఆరో నిమిషానే మోత మోగిస్తే వారంలో మీరే దాన్ని మ్యూట్ చేస్తారు. ధరల సేవ ఒకటి రెండు సార్లు తడబడటం మామూలే. రెండు రన్‌లు పోయినా ఓర్చుకుని, మూడోది కూడా పోతే చెప్పమన్నది నా ఉద్దేశం. అలాంటి సేవల్లో సాధారణంగా రెండు అంకెలు అడుగుతారు: పింగ్‌కీ పింగ్‌కీ మధ్య వ్యవధి, ఆపైన ఇచ్చే అదనపు గడువు. ఐదు, పది అని పెట్టాను. లెక్క చూడండి: చివరి పింగ్ 10:00 కి వచ్చింది. 10:05, 10:10 రన్‌లు పోయాయి. 10:15 రన్ బాగానే నడిచింది, కానీ అది ముగిసి పింగ్ పంపడానికి అర నిమిషం పడుతుంది. ఈలోగా పదిహేను నిమిషాలు నిండి అలర్ట్ వచ్చేసింది, ఆ వెంటే "కోలుకుంది" అని ఇంకో మెసేజ్. గడువు పన్నెండు చేశాక ఆ గోల పోయింది.

అపోహ: మార్కెట్ మూసిన వేళల్లో జాబ్ నడపడం వృథా.

నేనూ అలాగే అనుకుని క్రాన్ వరుసలో `9-15` అని పెట్టి ఆ గంటల్లోనే నడిపాను. చివరి రన్ 15:55 కి, సరిగ్గా 16:12 కి రోజూ దొంగ అలర్ట్. హార్ట్‌బీట్ సేవలో క్రాన్ షెడ్యూలు, టైమ్‌జోన్ ఇవ్వొచ్చు. దాంతో సాయంత్రాలూ శని ఆదివారాలూ సర్దుకుంటాయి. ఎక్స్చేంజ్ సెలవులు సర్దుకోవు. జాబ్ సెలవని ఆగిందో, చచ్చి ఆగిందో బయటి సేవకు తెలిసే దారి లేదు.

ఇప్పుడు జాబ్‌ని రోజంతా, వారమంతా నడుపుతున్నాను. క్రాన్ వరుస మొదలు `*/5 * * * *` అయింది. మార్కెట్ తెరిచి ఉందా లేదా అన్నది స్క్రిప్ట్ లోపలే తేల్చుకుంటుంది. మూసి ఉంటే ధరల పోలిక వదిలేసి పింగ్ పంపుతుంది. ఇంకో లాభం కూడా దొరికింది: ఆదివారం రాత్రి సర్వర్ పడితే ఆదివారం రాత్రే తెలుస్తుంది, సోమవారం మార్కెట్ తెరిచాక కాదు.

దీంట్లోనూ ఒక గొయ్యి ఉంది, నేను అందులో పడ్డాను కూడా. సెలవుల పట్టిక ఎక్కిస్తూ ఒక చోట నెల, తేదీ తారుమారు చేశాను. మార్కెట్ నడుస్తున్న రోజున నా స్క్రిప్ట్ "ఈరోజు సెలవు" అనుకుని పింగ్‌లు పంపుతూ కూర్చుంది. ఇప్పుడు మూసి ఉందని పట్టిక చెప్పినా, బాగా చేతులు మారే ఒక షేరు ధర అడుగుతాను. మామూలు ట్రేడింగ్ వేళల్లో ఆ ధర ఐదు నిమిషాల లోపుదైతే పట్టిక అబద్ధం చెబుతున్నట్టే. పింగ్ పంపకుండా ఆగిపోతుంది.

అపోహ: కాపలా స్క్రిప్ట్‌ని అదే సర్వర్‌లో పెట్టుకోవచ్చు.

సర్వర్‌తో పాటే అదీ పోతుంది. కాపలా వేరే చోట ఉండాలి, చెప్పే దారి కూడా వేరే ఉండాలి. ధరల అలర్ట్‌లు ఒక చాట్ బాట్ ద్వారా వస్తుంటే, హార్ట్‌బీట్ అలర్ట్ అదే బాట్ ద్వారా రాకూడదు. బాట్ టోకెన్ రద్దయితే రెండూ ఒకేసారి మూగబోతాయి.

అపోహ: పచ్చ గుర్తు కనిపించింది, ఇక పరీక్షించక్కర్లేదు.

క్రాన్‌ట్యాబ్‌లో ఆ వరుస ముందు `#` పెట్టి, చివరి పింగ్ నుంచి పదిహేడు నిమిషాలు ఎదురుచూడండి. నేను మొదటిసారి చేసినప్పుడు ఇరవై ఐదు నిమిషాలైనా ఏమీ రాలేదు. హార్ట్‌బీట్ సేవ సరైన సమయానికే మెయిల్ పంపింది, అది స్పామ్ ఫోల్డర్‌లో పడి ఉంది. ఆ రోజే మెయిల్ తీసేసి ఫోన్ కాల్ పెట్టుకున్నాను. ఇప్పుడు నెలకోసారి ఆ `#` పెడతాను. ఫోన్ మోగగానే దాన్ని తీసేయడం మాత్రం మరచిపోకూడదు.