ఫర్నిష్డ్ ఫ్లాట్ అప్పగింత: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఫర్నిష్డ్ ఫ్లాట్లు చూసుకోవడం నా పని. ఓనర్లలో చాలామంది అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు. అద్దెకు దిగే రోజు, ఖాళీ చేసే రోజు వెళ్ళి వస్తువులన్నీ చూసి రాసేది నేనే. అడ్వాన్స్ తిరిగిచ్చే దగ్గర నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం దిగిన రోజు రాసుకున్న కాగితం దగ్గరే మొదలయ్యాయి.

అపోహ: లిస్టులో వస్తువు పేరు, ఎన్ని ఉన్నాయన్న లెక్క ఉంటే చాలు.

"సోఫా 1, డైనింగ్ టేబుల్ 1, కుర్చీలు 6, ఏసీలు 2. అన్నీ బాగున్నాయి." అగ్రిమెంట్ వెనక జతచేసే లిస్టు చాలా ఇళ్ళలో ఇంతే. వస్తువు ఉందా పోయిందా అన్నది మాత్రమే దీంతో తేలుతుంది. సోఫా పోయిందని నాకు ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఫోన్లన్నీ గీతల గురించి, మరకల గురించి, ఊగే కాళ్ళ గురించే.

అందుకే నేను ప్రతి వస్తువు దగ్గరా లోపం ఏమిటి, ఎక్కడుంది, ఎంత ఉంది, ఫోటో నంబరు ఎంత అన్నవి రాస్తాను. ఉదాహరణకి: "డైనింగ్ టేబుల్, టేకు. కిటికీ వైపు మూలలో వేడి గిన్నె పెట్టిన తెల్లటి మచ్చ, అరచేయంత. ఫోటో 23. కుర్చీలు 6. ఒకదానికి వెనక ఎడమ కాలు వదులు. ఫోటో 24." లోపమేమీ లేకపోతే "గీతలు, మరకలు లేవు" అని రాస్తాను. "బాగుంది" అన్న మాట వాడను. ఓనర్‌కి బాగున్నది అద్దెకు దిగినవాళ్ళకి బాగుండకపోవచ్చు, రెండేళ్ళ తర్వాత ఆ మాటకి అర్థం ఏమిటో ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ మన మొహమాటం చాలా నష్టం చేస్తుంది. "ఇంత చిన్న గీత కూడా రాయాలా అండీ, ఓనర్‌గారు ఏమనుకుంటారో" అని దిగేవాళ్ళే నన్ను ఆపుతుంటారు. రాయాలి. ఆ గీత వాళ్ళు పెట్టింది కాదని తర్వాత చెప్పేది ఆ ఒక్క వాక్యమే.

కంటికి ఎదురుగా లేనివాటిని తప్పకుండా చూడండి. కిచెన్ సింకు కింద కప్‌బోర్డు అడుగు చెక్క నీళ్ళకి ఉబ్బి ఉంటుంది. పరుపు కవర్ తీసి రెండు వైపులా చూడాలి. సోఫా కుషన్లు లేపాలి. ఫ్రిజ్‌లో కూరగాయల ట్రే బయటికి లాగితే పగులు కనిపిస్తుంది. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ అయితే తలుపు దగ్గరి రబ్బరు మడత విప్పి చూడండి, నల్లటి బూజు అక్కడే ఉంటుంది.

అపోహ: ఇల్లంతా వీడియో తీశాం కదా, లిస్టు ఎందుకు?

నడుస్తూ తీసిన వీడియోలో గ్లాస్ స్టవ్ మీది సన్న పగులు కనిపించదు. వీడియో తీయండి, కానీ అది లిస్టుకి తోడు మాత్రమే. ఒక్కో లోపానికి రెండు ఫోటోలు కావాలి. వస్తువు ఏదో తెలిసేలా దూరం నుంచి ఒకటి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి దగ్గర నుంచి ఒకటి. చెక్క మీది గీతలు పైనుంచి వెలుగు పడితే దాక్కుంటాయి, టార్చ్‌ని పక్కనుంచి వేస్తే బయటపడతాయి. ఆ ఫోటోల్ని అదే రోజు ఇద్దరికీ ఈమెయిల్ చెయ్యండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గిపోతుంది, ఫోన్ మారితే పాత చాట్ దొరకకపోవచ్చు.

అపోహ: స్విచ్ వేస్తే వెలిగింది, అంటే పనిచేస్తున్నట్టే.

ఏసీ లైటు వెలుగుతుంది, గాలీ వస్తుంది, చల్లదనం మాత్రం రాదు. పదిహేను ఇరవై నిమిషాలు నడిపి చూస్తే కానీ తెలియదు. వాషింగ్ మెషీన్ చిన్న సైకిల్ ఒకటి పూర్తిగా తిప్పి, నీళ్ళు బయటికి పోయేదాకా ఉండాలి. కారడం ఉంటే అప్పుడే తెలుస్తుంది. బోరు నీళ్ళు వాడే అపార్ట్‌మెంట్లలో గీజర్ లోపల ఉప్పు పేరుకుని ఉంటుంది, నీళ్ళు వేడెక్కడానికి ఎంతసేపు పట్టిందో కూడా రాస్తాను.

అయినా కొన్ని లోపాలు కాపురం మొదలయ్యాకే తెలుస్తాయి. అందుకే అగ్రిమెంట్‌లో ఈ వాక్యం పెట్టిస్తాను: "దిగిన 7 రోజుల లోపు రాతపూర్వకంగా తెలిపిన లోపాలు కూడా ఈ లిస్టులో భాగమే." ఓనర్లు దీనికి అడ్డు చెప్పడం చాలా అరుదు.

అపోహ: వస్తువు పాడైతే కొత్తదాని ఖరీదు కట్టాల్సిందే.

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంట్‌లో వేరే షరతు లేకపోతే, ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే తిరిగి అప్పగించాలి. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకి మినహాయింపు ఉంది. ఎండకి కర్టెన్ రంగు వెలిస్తే అది అరుగుదల. ఇస్త్రీ పెట్టె తగిలి కాలితే అది నష్టం. నష్టానికి ఎంత కట్టాలన్న లెక్క ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి, దానికి వస్తువు వయసు తెలియాలి.

ఒక ఇంట్లో ఇలా జరిగింది. పరుపు ఖరీదు 24,000 రూపాయలు. ఒక జంట దిగేనాటికి దాని వయసు నాలుగేళ్ళు. లిస్టులో "మరకలు లేవు, తల వైపు కొంచెం గుంట" అని ఉంది. రెండేళ్ళ తర్వాత ఖాళీ చేసేటప్పుడు మధ్యలో పెద్ద మరక, కడిగినా పోలేదు. గుంట కూడా లోతైంది. ఓనర్ 24,000 అడ్వాన్స్‌లో కోస్తానన్నారు. పరుపు ఎనిమిదేళ్ళు వస్తుందని లెక్క వేద్దామన్నాను, ఇద్దరూ ఒప్పుకున్నారు. ఏడాదికి 3,000. ఆరేళ్ళు గడిచాయి కాబట్టి మిగిలింది రెండేళ్ళు, అంటే 6,000. గుంట ముందునుంచీ ఉన్నదే, పైగా వాడకంతో వచ్చేదే. దానికి ఏమీ వెయ్యలేదు. మరకకి 6,000 దగ్గర తేలిపోయింది. లిస్టులో కొన్న సంవత్సరం, ఖరీదు రాసి ఉండబట్టే ఇది అరగంటలో అయింది. అప్పటినుంచి ఆ రెండు గడులూ లేని లిస్టు మీద నేను సంతకాలు తీసుకోవడం లేదు.

అపోహ: ఖాళీ చేసి తాళాలు ఇచ్చేస్తే, ఓనర్ తర్వాత తీరిగ్గా చూసుకుంటారు.

తాళాలు ఇచ్చాక రెండు రోజులకి కనిపించిన సొట్ట ఎవరి వల్ల పడిందో ఎవరు చెప్పగలరు? దిగిన రోజు వాడిన లిస్టునే, అదే వరుసలో, ఇద్దరూ ఇంట్లో ఉండగా చూడాలి. పగటి వెలుగులో, కరెంటు ఉన్నప్పుడు, ప్యాకర్స్ సామాను దించేశాక చూడాలి. మంచం బయటికి తెచ్చేటప్పుడు తలుపు ఫ్రేముకి తగలడం నేను చాలాసార్లు చూశాను.

వీలైతే పది రోజుల ముందే ఒకసారి ఇల్లంతా చూస్తాను. ఊగే కుర్చీ కాలు, ఊడిన కప్‌బోర్డు హ్యాండిల్, బిగుసుకున్న కుళాయి లాంటివి అద్దెకున్నవాళ్ళే తమకి తెలిసిన కార్పెంటర్‌తోనో ప్లంబర్‌తోనో తక్కువలో చేయించుకోవచ్చు. చివరి రోజు మీటర్ రీడింగ్ ఫోటో తీసి, తాళాలు, రిమోట్లు లెక్కపెట్టి, ఏ వస్తువుకి ఎంత కోస్తున్నారో ఆ వరుసలోనే రాయించి, ఇద్దరి సంతకాలూ అయ్యాకే తాళాలు చేతులు మారతాయి.